ఇల్లు చేతికి రానప్పుడు బిల్డర్‌కు రాయాల్సిన ఉత్తరం



ఆలేరు స్టేషన్‌లో పొద్దున్నే రైలెక్కి సికింద్రాబాద్ వెళ్లి, చీకటి పడ్డాక తిరిగొచ్చే ఉద్యోగులు మనలో చాలామంది ఉన్నారు. పిల్లలు పై తరగతులకు వచ్చేసరికి ఈ తిరుగుడు ఇక వద్దనిపిస్తుంది. ఉప్పల్, బోడుప్పల్, ఘట్‌కేసర్ వైపు, అంటే వరంగల్ రోడ్డుకు అందుబాటులో, రెండు గదుల ఫ్లాటు ఒకటి చూసుకుంటారు. ఊళ్లో ఉన్న ప్లాటు అమ్మి కొంత, బంగారం కుదువ పెట్టి కొంత, మిగతాది బ్యాంకు అప్పు. అగ్రిమెంట్ మీద సంతకాలవుతాయి. ఆ తర్వాత ఎదురుచూపులు మొదలవుతాయి.

భువనగిరి కోర్టులో వకాలత్ చేస్తున్న నా దగ్గరికి ఇలాంటివాళ్లు తరచూ వస్తుంటారు. వాళ్లు చెప్పేది దాదాపు ఒకటే కథ. "తాళాలు ఎప్పుడిస్తవ్ అంటే దసరాకంటడు సార్. దసరాకు పోతే లిఫ్టు రాలేదు, సంక్రాంతికంటడు. సంక్రాంతికి పోతే కరెంటు మీటర్లు రాలేదంటడు. ఈడ ఈఎంఐ కడుతున్న, ఆడ కిరాయి కడుతున్న." అప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న కూడా ఒకటే: ఇదంతా కాగితం మీద ఎక్కడైనా రాసిచ్చారా? "లేదు సార్, ఫోన్లనే మాట్లాడినం. మన దిక్కాయనే గదా అని ఊకున్నం."

ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ రాయని ఉత్తరం గురించి. ఇల్లు ఆలస్యమైనందుకు పరిహారం అడిగే హక్కు చట్టంలో ఉంది. అయితే ఆ హక్కు తేదీల మీద, అంకెల మీద నిలబడి ఉంటుంది. వాటిని మనం ఎలా లెక్కగట్టి అడిగామన్నదాన్ని బట్టే చేతికొచ్చేది లక్షా, ఏడెనిమిది లక్షలా అన్నది తేలుతుంది.

ముందు మన తెలుగు గడ్డ మీదనే జరిగిన ఒక కేసు చెబుతాను. విశాఖపట్నంలో ఒక ఆసామి తన స్థలాన్ని అపార్ట్‌మెంట్ కట్టడానికి బిల్డర్‌కు ఇచ్చాడు. 2004 జులైలో ఒప్పందం రాసుకున్నారు. కట్టిన ఫ్లాట్లలో నలభై శాతం స్థలం యజమానికి, అరవై శాతం బిల్డర్‌కు. ప్లాను మంజూరైన రోజు నుంచి 19 నెలల్లో కట్టి ఇవ్వాలి. ఇవ్వకపోతే యజమాని వాటా ఫ్లాట్లకు ఒక్కోదానికి నెలకు 2 వేల రూపాయల చొప్పున కిరాయి కట్టాలి. ఈ చివరి వాక్యం రాయించుకోవడం ఆయన చేసిన తెలివైన పని. ప్లాను 2005 జనవరి 30న మంజూరైంది. అంటే 2006 ఆగస్టు నెలాఖరుకు ఫ్లాట్లు చేతికి రావాలి. ఆయన వాటా 12 ఫ్లాట్లు వచ్చింది 2009 జులై 30న. ముప్పై అయిదు నెలల ఆలస్యం. ఒప్పందంలోని కిరాయి ఒక్కటే లెక్కేసినా 12 ఫ్లాట్లకు నెలకు 24 వేలు, ముప్పై అయిదు నెలలకు 8 లక్షల 40 వేలు. దానికితోడు నాసిరకం పనులు, మిగిలిపోయిన పనులు కలిపి ఆయన 19 లక్షలకు పైగా అడిగాడు.

బిల్డర్ తరఫువాళ్లు ఆలస్యం కాలేదని వాదించలేకపోయారు. అందుకని వేరే దారి పట్టారు. ఈయన వినియోగదారుడే కాదు, మాతో కలిసి వ్యాపారం చేశాడు, కొన్ని ఫ్లాట్లు అమ్ముకున్నాడు కూడా, వినియోగదారుల చట్టం ఈయనకు వర్తించదు అన్నారు. రాష్ట్ర వినియోగదారుల కమిషన్ ఆ మాటే ఒప్పుకుంది. జాతీయ కమిషన్ కూడా ఒప్పుకుంది. చివరకు 2016 జులై 22న సుప్రీంకోర్టు ఆ తీర్పులు కొట్టేసింది. కట్టడం మీద, ప్లాను మీద, అమ్మకం మీద యజమానికి పెత్తనం లేనప్పుడు, లాభనష్టాల్లో భాగం లేనప్పుడు అది భాగస్వామ్య వ్యాపారం కాదు, ఆయన సేవ పొందిన వినియోగదారుడే అని చెప్పి, అసలు లెక్క తేల్చమని కేసును మళ్లీ రాష్ట్ర కమిషన్‌కు పంపింది. 2006లో రావలసిన ఇంటికి, 2016లో "నువ్వు అడగొచ్చు" అన్న మాట దక్కింది.

ఇందులో మనకు పనికొచ్చేవి రెండున్నాయి. ఆయన ఫ్లాట్లు చేతికి తీసుకున్నా పరిహారం అడగడం మానలేదు. పైగా గడువు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో చూపే తేదీలు ఆయన దగ్గర పక్కాగా ఉన్నాయి. కాబట్టే ఎన్నేళ్లయినా ఆ ముప్పై అయిదు నెలలను ఎవరూ చెరపలేకపోయారు.

ఆ కేసు వేసిన నాటికి రెరా లేదు. స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం 2016లో వచ్చింది, 2017 మే 1 నుంచి పూర్తిగా అమల్లో ఉంది. మన రాష్ట్రంలో 2017 జనవరి 1 తర్వాత అనుమతి పొందిన ప్రాజెక్టులు, 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలోనో, ఎనిమిదికి మించిన ఫ్లాట్లతోనో కడుతున్నవి, తెలంగాణ రెరాలో నమోదు కావాలి. నమోదైతే పీ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది. ఆ చట్టంలో పద్దెనిమిదో సెక్షన్ మన ఉత్తరానికి ఆధారం. అగ్రిమెంట్‌లో రాసిన తేదీకి ఇల్లు ఇవ్వకపోతే కొన్నవాళ్లకు అది రెండు దారులు చూపిస్తుంది. ఇల్లు వద్దు, నా డబ్బు వడ్డీతో ఇచ్చేయ్ అనొచ్చు. లేదా ఇల్లే కావాలి, కానీ ఆలస్యమైన ప్రతి నెలకూ వడ్డీ కట్టు అనొచ్చు.

కాబట్టి ఉత్తరం రాసే ముందు ఇంట్లో కూర్చుని ఈ ఒక్క సంగతి తేల్చుకోవాలి. నేను చూసిన చాలా ఉత్తరాల్లో రెండూ కలిపి రాసేస్తారు. "ఇల్లయినా ఇవ్వు, లేకపోతే డబ్బయినా ఇవ్వు, పరిహారమైనా ఇవ్వు" అని. అది చదివిన బిల్డర్‌కు ఇతను ఇంకా తేల్చుకోలేదని అర్థమవుతుంది. మరో సంక్రాంతి చెప్పి పంపించేస్తాడు.

ఎలా తేల్చుకోవాలి? సైటుకు వెళ్లి చూడండి. ఆదివారం కాకుండా పని దినాన వెళ్లండి. కూలీల రేకుల షెడ్లు ఖాళీగా ఉన్నాయా, మేస్త్రీ మారాడా, పని చేస్తున్నవాళ్లు పదిమందా ఇద్దరా? రెరా వెబ్‌సైట్‌లో బిల్డర్ మూడు నెలలకోసారి పని ఎంతవరకు వచ్చిందో పెట్టాలి. అది ఎప్పుడు ఆగిపోయిందో చూడండి. మీ బ్యాంకువాళ్లను అడగండి. పని నడవకపోతే బ్యాంకు ఇంజినీరు తర్వాతి విడత విడుదల చేయడు. స్లాబులు పడి, గోడలు లేచి, ప్లాస్టరింగ్ అయి, లిఫ్టూ ట్రాన్స్‌ఫార్మరూ దగ్గర ఆగిన ప్రాజెక్టు అయితే ఇల్లు వదులుకోవద్దని నా సలహా. ఆ ధరకు ఆ చోట మళ్లీ దొరకదు, నెలనెలా వడ్డీ అడగండి. పిల్లర్ల దగ్గరే ఏడాదిగా ఆగిపోయి ఉంటే మాత్రం డబ్బు వెనక్కి అడగడమే మంచిది. ఆ పని బిల్డర్ ఒప్పుకుంటేనే జరగాలని లేదు. 2021 నవంబరులో న్యూటెక్ ప్రమోటర్స్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని స్పష్టంగా చెప్పింది: తేదీకి ఇల్లు ఇవ్వనప్పుడు డబ్బు వెనక్కి అడగడం కొన్నవాడికి షరతుల్లేని హక్కు, బిల్డర్ ఏ కారణం చెప్పినా సరే.

ఇక లెక్కకు వద్దాం. ఆలేరు బడిలో పనిచేసే ఒక మాస్టారు బోడుప్పల్‌లో 1,200 చదరపు అడుగుల ఫ్లాటు 48 లక్షలకు కొన్నారనుకుందాం. ఇప్పటికి 42 లక్షలు కట్టారు. అగ్రిమెంట్‌లో ఇల్లు ఇవ్వాల్సిన తేదీ 2023 మార్చి 31, దానికి ఆరు నెలల గ్రేస్. ఆ ఆరు నెలలూ బిల్డర్‌కు ఇచ్చేద్దాం, దాని మీద పేచీ అక్కర్లేదు. అప్పుడు గడువు 2023 సెప్టెంబరు 30తో ముగిసింది. మాస్టారు 2025 మే నెలాఖరున ఉత్తరం రాస్తున్నారనుకుంటే ఆలస్యం సరిగ్గా 20 నెలలు.

వడ్డీ ఎంత? తెలంగాణ నియమాల ప్రకారం స్టేట్ బ్యాంకు వారి అత్యధిక ఎంసీఎల్ఆర్, అంటే అప్పుల వడ్డీకి బ్యాంకు ప్రకటించే మూల రేటు, దాని మీద రెండు శాతం కలపాలి. ఆ రేటు మారుతుంటుంది కాబట్టి రాసే రోజున బ్యాంకులో కనుక్కోవాలి. లెక్క సులువుగా ఉండడానికి మనం 11 శాతం అనుకుందాం. 42 లక్షల మీద 11 శాతం అంటే ఏడాదికి 4 లక్షల 62 వేలు, నెలకు 38 వేల 500. ఇరవై నెలలకు 7 లక్షల 70 వేలు.

బిల్డర్ ఇంత ఇస్తానంటాడా? అనడు. అగ్రిమెంట్ తీసి ఒక పేరా చూపిస్తాడు. ఆలస్యమైతే చదరపు అడుగుకు నెలకు 5 రూపాయల చొప్పున ఇస్తాం, అంతకుమించి ఏమీ అడగరాదు అని అందులో ఉంటుంది. మాస్టారి ఫ్లాటుకు అది నెలకు 6 వేలు. ఇరవై నెలలకు 1 లక్షా 20 వేలు. ఆయన కట్టిన డబ్బు మీద చూస్తే ఏడాదికి రెండు శాతం కూడా కాదు. అదే అగ్రిమెంట్‌లో ఇంకో పేజీ తిప్పితే, కొన్నవాడు విడత ఆలస్యంగా కడితే 18 శాతం వడ్డీ అని ఉంటుంది. ఈ రెండు పేరాలూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి మీ ఉత్తరంలో రాయండి. ఎందుకంటే 2019 ఏప్రిల్‌లో పయనీర్ అర్బన్ కేసులో సుప్రీంకోర్టు చేసింది కూడా అదే. గురుగ్రామ్‌లో ఫ్లాటు కొన్న ఆయన అగ్రిమెంట్‌లో కొన్నవాడికి 18 శాతం, బిల్డర్‌కు 9 శాతం అని ఉంటే, ఇలా ఒకవైపే మొగ్గిన షరతులకు సంతకం పెట్టడం తప్ప కొన్నవాడికి వేరే దారి లేదు కాబట్టి అవి అతన్ని కట్టిపడేయవు అని కోర్టు అంది. రెరా చట్టంలో అయితే ఈ మాట ఇంకా సూటిగా ఉంది. బిల్డర్ మన దగ్గర వసూలు చేసే వడ్డీ రేటు, మనకు అతను కట్టాల్సిన వడ్డీ రేటు రెండూ ఒకటే అయి ఉండాలి.

మాస్టారు ఇల్లు వద్దనుకుని డబ్బు అడిగితే లెక్క వేరు. అప్పుడు వడ్డీ గడువు తేదీ నుంచి కాదు, ఆయన కట్టిన ప్రతి విడతకూ అది కట్టిన రోజు నుంచి నడుస్తుంది. అందుకని రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు వరుసగా పేర్చి, ఏ తేదీన ఎంత, ఏ చెక్కు లేదా ఏ బ్యాంకు బదిలీ అన్నది పట్టిక వేయాలి. చేతికి నగదు ఇచ్చి రసీదు తీసుకోకపోతే ఆ మొత్తం ఈ పట్టికలో నిలబడదు. ఫ్లాటు కొనేటప్పుడు "కొంత బ్లాక్‌లో ఇవ్వండి" అన్న మాటకు తలూపితే పోయేది ఇక్కడే.

బిల్డర్ చెప్పే కారణాలు కూడా ముందే చూసుకుందాం. ఇసుక దొరకలేదు, కూలీలు ఊళ్లకు పోయారు, కరోనా వచ్చింది, వేరే ఫ్లాట్లవాళ్లు డబ్బు కట్టలేదు. చట్టం ఒప్పుకునే కారణాలు యుద్ధం, ఇంకా వరద, కరువు, అగ్నిప్రమాదం, తుఫాను, భూకంపం లాంటి ప్రకృతి విపత్తులు. కరోనాను కేంద్రం ఇందులో చేర్చి 2020 మే నెలలో ప్రాజెక్టుల నమోదు గడువు ఆరు నెలలు పొడిగించుకోవచ్చని రాష్ట్రాలకు సలహా ఇచ్చింది. మాస్టారి ఫ్లాటు 2023లో రావలసింది. ఆ ఆరు నెలలు ఇరవై నెలల ఆలస్యాన్ని మోయలేవు. ఇసుక, కూలీలు, మిగతా ఫ్లాట్లవాళ్ల బాకీలు అన్నీ బిల్డర్ వ్యాపారంలో బిల్డర్ చూసుకోవలసినవే. ఇంకొకటి కూడా అంటుంటారు: "రెరాలో మాకు 2026 వరకు టైమిచ్చారు." రెరా వెబ్‌సైట్‌లో బిల్డర్ తానే రాసుకున్న ముగింపు తేదీ వేరు, మీ అగ్రిమెంట్‌లో మీకిచ్చిన తేదీ వేరు. బొంబాయి హైకోర్టు 2017 డిసెంబరులో నీల్‌కమల్ రియల్టర్స్ కేసులో చెప్పింది ఇదే. ఆలస్యం అగ్రిమెంట్ తేదీ నుంచే లెక్క.

ఇప్పుడు ఉత్తరం. మాస్టారు రాసేదాన్ని చదువుతాను, మీ వివరాలు ఇందులో పెట్టుకోవచ్చు.

"అయ్యా, మీ ప్రాజెక్టులో ఫలానా బ్లాకు, ఫలానా నంబరు ఫ్లాటును ఫలానా తేదీన రిజిస్టరైన అగ్రిమెంట్ ద్వారా 48 లక్షలకు కొన్నాను. ప్రాజెక్టు రెరా నంబరు ఇది. ఇప్పటివరకు 42 లక్షలు చెల్లించాను, వివరాల పట్టిక జతచేశాను. అగ్రిమెంట్‌లోని ఫలానా పేరా ప్రకారం ఇల్లు 2023 మార్చి 31కి ఇవ్వాలి, ఆరు నెలల గ్రేస్ కలిపినా 2023 సెప్టెంబరు 30 దాటకూడదు. ఈ రోజు వరకు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తెచ్చి ఇల్లు అప్పగించలేదు. నేను ప్రాజెక్టు నుంచి తప్పుకోవడం లేదు. రెరా చట్టం 18వ సెక్షన్ ప్రకారం 2023 అక్టోబరు 1 నుంచి ఇల్లు అప్పగించే రోజు వరకు ప్రతి నెలకు వడ్డీ చెల్లించండి. ఇప్పటికి 20 నెలలకు అది 7 లక్షల 70 వేల రూపాయలు. ఇకపై ప్రతి నెలకు 38 వేల 500. ఈ మొత్తాన్ని నేను కట్టాల్సిన చివరి విడతలో సర్దుబాటు చేయడానికి నాకు అభ్యంతరం లేదు. మిగిలింది నాకు చెల్లించండి. ఉత్తరం అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వండి."

ఇందులో తిట్లు లేవు, కన్నీళ్లు లేవు. మాస్టారు రెండు సంవత్సరాలుగా పడ్డ యాతన అంతా నిజమే, దాన్ని చెప్పుకోవలసిన చోటు ఇంకొకటి ఉంది, అది కాసేపట్లో చెబుతాను. సర్దుబాటు వాక్యం మాత్రం వదలకండి. బిల్డర్ చేతిలో డబ్బు ఆడనప్పుడు 7 లక్షల చెక్కు రాయడు. కానీ మీరు కట్టాల్సిన 6 లక్షల్లోంచి తగ్గించుకోమంటే బేరానికి కూర్చుంటాడు. చాలా వివాదాలు ఆ గదిలోనే తేలిపోవడం నేను చూశాను. కూర్చున్నప్పుడు తేలిన మాట మాత్రం కాగితం మీదకు రావాలి, ఇద్దరి సంతకాలూ ఉండాలి.

ఉత్తరాన్ని అగ్రిమెంట్‌లో ఉన్న కంపెనీ చిరునామాకు స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు తీసుకుని దాచుకోండి. అదే ఈమెయిల్‌లో కూడా పంపండి. సైటు ఆఫీసులో కూర్చునే మేనేజర్ చేతికిచ్చి రావడంతో సరిపెట్టవద్దు. చట్టం "అడిగినప్పుడు" అంటుంది. అడిగామని రుజువు మన దగ్గరే ఉండాలి.

ఉత్తరం అందాక బిల్డర్ ఒక పని చేస్తాడు, దీని గురించి కాస్త నిదానంగా చెప్పాలి. "ముహూర్తం చూసుకోండి సార్, ఇల్లు రెడీ" అని ఫోన్ చేస్తాడు. మనకు శ్రావణ మాసం వచ్చిందంటే ఆగదు. పంతులుగారిని అడిగి, బంధువులను పిలిచి, పాలు పొంగిస్తాం. ఆ రోజు హడావుడిలో ఒక కాగితం మీద సంతకం పెట్టమంటారు. "ఫ్లాటును పూర్తి తృప్తితో స్వాధీనం చేసుకున్నాను, నాకు ఎటువంటి క్లెయిములూ లేవు" అని అందులో ఉంటుంది. లిఫ్టు నడవదు, మంజీరా నీళ్లు రావు, కరెంటు ఇంకా కట్టడం పని కోసం తీసుకున్న తాత్కాలిక కనెక్షన్ మీదే, ఓసీ రాలేదు. కానీ కాగితం మీద మాత్రం మీ ఇల్లు మీకు వచ్చేసింది, వడ్డీ మీటరు ఆగిపోయింది.

పాలు పొంగించుకోండి, ఎవరూ వద్దనరు. సంతకం పెట్టేముందు ఓసీ చూపించమని అడగండి. మున్సిపాలిటీ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లేకుండా ఇల్లు అప్పగించినట్టు చట్టం ఒప్పుకోదు. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. మన రాష్ట్రంలో ప్లాను మంజూరు చేసేటప్పుడు కట్టబోయే వైశాల్యంలో పది శాతం మున్సిపాలిటీకి తనఖా పెట్టించుకుంటారు, బిల్డర్ ప్లాను మీరకుండా ఉండాలని. ఓసీ వచ్చాకే దాన్ని విడుదల చేస్తారు. మీ ఫ్లాటు ఆ తనఖా ఫ్లాట్లలో ఒకటేమో మంజూరైన ప్లానులో చూసుకోండి. అయితే గనక ఓసీ లేకుండా మీ ఆలస్యానికి ముగింపు ఉండదు. ఓసీ వచ్చి పిలిస్తే మాత్రం మీరూ సాగదీయకూడదు. రెండు నెలల్లో ఇల్లు తీసుకోవాలని అదే చట్టం మనకూ చెప్పింది.

తప్పనిసరై సంతకం పెట్టాల్సి వస్తే, ఆ కాగితం మీదనే మీ చేతిరాతతో "ఆలస్యానికి రావలసిన వడ్డీ, పరిహారం హక్కును వదులుకోకుండా తీసుకుంటున్నాను" అని రాసి సంతకం పెట్టండి, ఫోటో తీసుకోండి. రాయనివ్వకపోతే ఆ సాయంత్రమే ఈమెయిల్ పంపండి. 2020 ఆగస్టులో బెంగళూరు ఫ్లాట్ల మీద వచ్చిన డీఎల్ఎఫ్ సదరన్ హోమ్స్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. ఇల్లు రిజిస్టర్ చేయించుకున్నంత మాత్రాన ఆలస్యానికి పరిహారం అడిగే హక్కు పోదు, ఇల్లు కావాలంటే పరిహారం వదులుకో అని కొన్నవాణ్ని నిలదీయడం న్యాయం కాదు అంది. అందులో అగ్రిమెంట్ ప్రకారం చదరపు అడుగుకు 5 రూపాయలు కాకుండా, అదనంగా ఏడాదికి 6 శాతం వడ్డీ కూడా ఇప్పించింది.

పదిహేను రోజులు దాటినా జవాబు రాలేదనుకుందాం. మాస్టారు ఎక్కడికి వెళ్లాలి? రెరాకు వెళ్లొచ్చు, లేదా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. రెరా ఉందని వినియోగదారుల దారి మూసుకుపోలేదని 2020 నవంబరులో ఇంపీరియా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఒకే కోరిక రెండుచోట్లా పెట్టవద్దు, ఒకచోటు ఎంచుకోండి.

నెలనెలా వడ్డీ మాత్రమే కావాలంటే రెరా సూటిదారి. తెలంగాణ రెరాకు ఎం ఫారంలో ఫిర్యాదు చేస్తారు. వడ్డీ కాకుండా, మాస్టారు కట్టిన కిరాయి, పడిన మానసిక యాతన, పిల్లల చదువు చెడిన నష్టం, ఇలాంటివి పరిహారంగా కావాలంటే అది వేరే అధికారి తేలుస్తారు, ఆ దరఖాస్తు ఎన్ ఫారంలో ఉంటుంది. ఉత్తరంలో వద్దన్న యాతన చెప్పుకోవలసిన చోటు ఇదే. కిరాయి రసీదులు, కిరాయి అగ్రిమెంట్, ఆస్పత్రి కాగితాలు ఏవైనా ఉంటే ఇక్కడ పనికొస్తాయి.

వినియోగదారుల కమిషన్‌లో రెండూ ఒకే ఫిర్యాదులో అడగొచ్చు. పైగా ఆలేరువాళ్లకు ఇంకో వెసులుబాటు ఉంది. 2019 చట్టం వచ్చాక, ఫ్లాటు బోడుప్పల్‌లో ఉన్నా, బిల్డర్ ఆఫీసు బంజారాహిల్స్‌లో ఉన్నా, మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయొచ్చు. చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్. మాస్టారు కట్టింది 42 లక్షలు కాబట్టి ఆయనది అక్కడే. ఫీజు వెయ్యి రూపాయలు. రెండేళ్ల లోపు వేయాలన్న కాలపరిమితి ఉంది. ఇల్లు ఇవ్వనంతకాలం ఆ కారణం కొనసాగుతూనే ఉంటుందని సుప్రీంకోర్టు చెప్పినా, దాని మీద భరోసా పెట్టుకుని కూర్చోవద్దు. ఇల్లు చేతికొచ్చిన రోజు నుంచి ఆ గడియారం తిరుగుతుంది.

ఆర్డరు వచ్చాక డబ్బు రావడం ఇంకో పోరాటం. రెరా ఆర్డరు మీద బిల్డర్ అప్పీలుకు వెళ్లాలంటే మీకు ఇవ్వాలన్న మొత్తం ముందు ట్రిబ్యునల్‌లో జమ చేయాలి. ఈ నిబంధన వల్లనే చాలామంది అప్పీలుకు బదులు రాజీకి వస్తారు. అప్పీలుకూ వెళ్లక, డబ్బూ కట్టకపోతే, దాన్ని భూమి శిస్తు బకాయిలా వసూలు చేయించమని దరఖాస్తు పెట్టాలి. ఆ పని కలెక్టర్ యంత్రాంగం చేతిలో ఉంటుంది, దస్త్రం వెంట పడకపోతే కదలదు. బిల్డర్ పేరు మీద ఇంకా అమ్ముడుపోని ఫ్లాట్లు, స్థలాలు ఎక్కడున్నాయో మీరే కనుక్కుని ఆ దరఖాస్తులో సర్వే నంబర్లతో సహా రాస్తే వసూలు చేసేవాళ్లకు పట్టు దొరుకుతుంది.

ఇంత చేసినా దక్కని కేసులు ఉన్నాయి, అవి దాచి చెప్పడం నాకిష్టం లేదు. ప్రీ లాంచ్ పేరుతో, రెరా నంబరు లేకుండా, అనుమతులు రాకముందే తక్కువ ధరకు మొత్తం సొమ్ము తీసుకున్న ప్రాజెక్టుల్లో ఈ ఉత్తరం ఒక్కటే పనిచేయదు. సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్‌లో సాహితీ ఇన్‌ఫ్రాటెక్ ప్రాజెక్టులో వందలాది కుటుంబాలు అలాగే ఇరుక్కున్నాయి. 2022 డిసెంబరులో ఆ కంపెనీ ఎండీని హైదరాబాద్ సీసీఎస్ పోలీసులు అరెస్టు చేశారు. అక్కడ ప్రశ్న ఆలస్యానికి వడ్డీ ఎంత అన్నది కాదు, కట్టిన సొమ్ము ఎక్కడికి పోయిందన్నది. అలాంటిచోట ఒక్కరుగా ఉత్తరం రాయడం కన్నా కొన్నవాళ్లంతా కలిసి పోలీసు ఫిర్యాదు, రెరా ఫిర్యాదు రెండూ చేయాలి. కంపెనీ మీద దివాలా కేసు నడుస్తుంటే ఇంకా తొందరపడాలి. దివాలా కోర్టు కేసు చేపట్టిన రోజు నుంచి మిగతా వసూళ్లన్నీ ఆగిపోతాయి. అప్పుడు ఫ్లాటు కొన్నవాళ్లు కూడా అప్పిచ్చినవాళ్ల వరుసలోకే వస్తారు. కాబట్టి ఆ కేసు చూసే అధికారికి మీ క్లెయిము ఫారం గడువులోగా అందించాలి. దానికీ కావలసినవి అవే: రిజిస్టరైన అగ్రిమెంట్, రసీదుల పట్టిక, బిల్డర్‌కు పంపిన ఉత్తరం నకలు, అది అందిన రుజువు.